ఒకరోజు రాయకపోయినా ఏం కాదు

పసిపిల్లల లోషన్‌కి 40 సెకన్ల టీవీ ప్రకటన రాయమంటే, మొదటి డ్రాఫ్టు ఎవరి చేతిలోంచి వచ్చినా దాదాపు ఇలాగే ఉంటుంది.

దృశ్యం: రాత్రి. మసక వెలుతురు. పాప ఏడుపు. తల్లి ఉలిక్కిపడి లేచి లైటు వేస్తుంది.
వాయిస్ ఓవర్: మీ పాపాయి చర్మం మీ చర్మం కన్నా 30 శాతం పల్చన.
దృశ్యం: గ్రాఫిక్స్. చర్మంలో పగుళ్లు. వాటిలోంచి ఎర్రటి చుక్కలు లోపలికి దూరుతుంటాయి.
వాయిస్ ఓవర్: ప్రతి స్పర్శ వెనకా కంటికి కనపడని ప్రమాదం.
తల్లి: నా వల్ల ఏ లోపం జరక్కూడదు కదా!
దృశ్యం: తెల్లకోటులో ఒక డాక్టరమ్మ.
డాక్టరమ్మ: అందుకే మొదటిరోజు నుంచే రక్షణ. ఎగ్జిమా రాకుండా కాపాడుతుంది. నూటికి నూరు శాతం సురక్షితం.
సూపర్: ల్యాబ్ పరీక్షల ఆధారంగా.

చివర్లో ఉన్న 'సూపర్' అంటే తెర అడుగున కనిపించే అక్షరాలు, చాలామంది చదవలేనంత చిన్నగా వేసేవి. ఈ స్క్రిప్టు ఏ కంపెనీదీ కాదు. ఈ కోవలో వచ్చేవాటి పోలికలన్నీ కలిపి నేను రాసిన నమూనా. అయినా చదువుతుంటే ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఎందుకంటే మా వృత్తిలో అందరం మొదట నేర్చుకునే సూత్రం ఒకటే: ముందు సమస్య చూపించు, తర్వాత సరుకు చూపించు. బట్టల సబ్బు ప్రకటనలో మరక చొక్కా మీద పడుతుంది, ఎవరికీ నొప్పి లేదు. పిల్లల లోషన్ దగ్గరికి వచ్చేసరికి ఆ మరకని బిడ్డ ఒంటి మీదే పెట్టాలి. పెట్టగానే చూస్తున్న తల్లి తన బిడ్డ ఒళ్లంతా వెతకడం మొదలుపెడుతుంది.

ఆ చూసేది ఎవరో గుర్తుపెట్టుకోవాలి. కాన్పయి కొన్ని వారాలైన మనిషి. నిద్ర లేదు. పాలు సరిపోతున్నాయా అని ఒకరు, తల గుండ్రంగా రాలేదేమని ఇంకొకరు, సాంబ్రాణి వెయ్యట్లేదేమని మరొకరు అడిగి వెళ్తుంటారు. ఆమెకి కొత్తగా భయం నేర్పాల్సిన పనేమీ లేదు, అది ముందే బోలెడంత ఉంది. ప్రకటన చేసేదల్లా ఆ భయానికి ఒక పేరు పెట్టి, పక్కన ఒక సీసా నిలబెట్టడం.

ఇది మర్యాదకి సంబంధించిన సంగతి మాత్రమే అయితే ఇంత రాయక్కర్లేదు. చట్టం కూడా ఈ మాటే అంటోంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులో ఒక షరతు అచ్చంగా పై స్క్రిప్టు కోసమే రాసినట్టుంటుంది: ఈ వస్తువు కొనకపోతే మీకో మీ కుటుంబానికో ఎంత ముప్పు, ఎలాంటి ముప్పు అన్న విషయంలో ప్రకటన జనాన్ని తప్పుదారి పట్టించకూడదు. తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఆ సంస్థకి ఉంది. ప్రకటనల రంగం తనకి తాను 1985లో పెట్టుకున్న మండలి, అందరూ యాస్కీ అని పిలిచేది, దాని నియమావళి కూడా వినియోగదారుల నమ్మకాన్నీ తెలియనితనాన్నీ వాడుకోవద్దంటుంది. మొదటిసారి తల్లయిన మనిషికి ఉన్నంత తెలియనితనం ఇంకెవరికి ఉంటుంది?

సరే, పై స్క్రిప్టు పట్టుకుని ఒక్కో వాక్యమే చూద్దాం. దేన్ని ఉంచాలి, దేన్ని కొట్టెయ్యాలి అన్నది అప్పుడే తేలుతుంది.

'30 శాతం పల్చన' అబద్ధం కాదు. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో పసిపిల్లల చర్మాన్నీ తల్లుల చర్మాన్నీ పక్కపక్కన కొలిచి చూశారు. అన్నిటికన్నా పైన ఉండే మృతకణాల పొర పిల్లల్లో సుమారు 30 శాతం పల్చగా ఉందని తేలింది. అది చర్మం మొత్తానికి వర్తించే లెక్క కాదు, ఆ పై పొర ఒక్కదానికే. అయినా అసలు చిక్కు అంకెలో లేదు, అంకెని పెట్టిన చోట ఉంది. చీకటి గదిలో, ఏడుపు మధ్యలో, ఎర్ర చుక్కల ముందు నిలబెడితే ఆ సంఖ్య కొలత కాకుండా పోయి హెచ్చరిక అవుతుంది. పల్చగా ఉండటం జబ్బు కాదు, ఆ వయసుకి చర్మం ఉండాల్సిన తీరే అది. నిజమైన అంకెతో కూడా అబద్ధపు భయం పుట్టించవచ్చని తెలుసుకోవడానికి మా రంగంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కొట్టేశాం.

'ఎగ్జిమా రాకుండా కాపాడుతుంది' అన్నది వేరే రకం. ఇది పదేళ్ల కిందట కొంత ఆశతో అన్నా అర్థముండేది, ఎందుకంటే పుట్టినప్పటి నుంచీ తేమనిచ్చే క్రీములు రాస్తే ఎగ్జిమా తగ్గుతుందేమోనని వైద్యులు కూడా అనుకున్నారు. అది నిజమో కాదో తేల్చడానికి బ్రిటన్‌లో 1394 మంది శిశువుల మీద పెద్ద పరీక్ష చేశారు. అందరూ అలర్జీ జబ్బులున్న కుటుంబాల పిల్లలే. సగంమందికి ఏడాదిపాటు రోజూ క్రీము రాశారు, సగంమందికి రాయలేదు. ఫలితాలు 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. రెండేళ్ల వయసుకి ఎగ్జిమా వచ్చినవాళ్లు రాసిన వర్గంలో 23 శాతం, రాయనివాళ్లలో 25 శాతం. తేడా లేదనే లెక్క. పైగా క్రీము రాసిన పిల్లల్లో చర్మ ఇన్ఫెక్షన్లు కాస్త ఎక్కువ కనిపించాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలింతల, శిశువుల సంరక్షణ మీద సిఫార్సులు వెలువరించినప్పుడు, నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన పిల్లలకి చర్మవ్యాధులు రాకుండా ఉండాలని రోజూ క్రీములు రాయడాన్ని తాము సిఫార్సు చేయడంలేదని స్పష్టంగా చెప్పింది. ఎగ్జిమా ఇప్పటికే ఉన్న పిల్లలకి డాక్టరు రాసిచ్చే క్రీముల సంగతి వేరు, దాన్నీ దీన్నీ కలపకూడదు. మన సరుకు మందు కాదు, సౌందర్య సాధనంగా లైసెన్సు తీసుకున్న లోషన్. దాని ప్రకటనలో జబ్బు పేరు ఎత్తడమే పొరపాటు.

ఇక 'నూటికి నూరు శాతం సురక్షితం'. దీన్ని ఎవరూ నిరూపించలేరు. వంద మంది మీద పరీక్షిస్తే ఒక్కరికీ దద్దు రాలేదనుకుందాం. నూట ఒకటో బిడ్డకి రాదని ఆ పరీక్ష చెప్పలేదు. దీన్ని కొట్టేస్తే క్లయింటు వెంటనే రెండు ప్రత్యామ్నాయాలు ముందు పెడతారు. ఒకటి 'డెర్మటలాజికల్లీ టెస్టెడ్'. పరీక్ష జరిగిందనే చెబుతుంది ఆ మాట, ఏం తేలిందో చెప్పదు, ఎవరి మీద జరిగిందో అసలే చెప్పదు. తరచూ అది పెద్దవాళ్ల వీపు మీదో చేతి మీదో పట్టీ అంటించి చూసిన పరీక్షే. రెండోది 'హైపోఅలర్జెనిక్'. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఈ మాట వాడాలంటే పరీక్షలు చేసి చూపించాలని 1975లో నిబంధన తెస్తే, సౌందర్య సాధనాల కంపెనీలు కోర్టుకెళ్లి రెండేళ్లలో దాన్ని కొట్టేయించాయి. అప్పటినుంచీ అక్కడ ఆ మాటకి కంపెనీ ఏ అర్థం చెబితే అదే అర్థం. రెండిటినీ నేను స్క్రిప్టులో పెట్టను. సీసా వెనక ఉంటే ఉండనివ్వండి, అది వేరే వాదన.

తెల్లకోటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కంపెనీల సరుకుని బహిరంగంగా సమర్థించకూడదని డాక్టర్లకి వాళ్ల వృత్తి నియమావళే అడ్డుచెబుతోంది. నటిని పెట్టి కోటు తొడిగితే చూసేవాళ్లు డాక్టరే అనుకుంటారు. అలా అనుకోవాలనే కదా తొడిగింది.

ఇవన్నీ పోయాక ఏం మిగిలింది? ఇక్కడే చాలామంది కుర్ర రచయితలు నీరుగారిపోతారు. నిజానికి మిగిలినదే సరుకు. ఈ లోషన్ చర్మం పై పొరలో తేమని కొంతసేపు నిలబెడుతుంది, చర్మం మెత్తగా తగులుతుంది. ఇది కొలవగలిగిన విషయం. కార్నియోమీటర్ అనే చిన్న పరికరం ఉంటుంది, దాని మొనని చర్మానికి ఆనిస్తే పై పొరలో ఎంత తేమ ఉందో విద్యుత్ గుణాన్ని బట్టి ఒక అంకె చూపిస్తుంది. '24 గంటల తేమ' అని మీరు సీసాల మీద చదివేది సాధారణంగా ఈ పరికరం ఇచ్చిన మాటే: లోషన్ రాసిన చోట, రాయని చోట కొలిచి, 24 గంటల తర్వాత కూడా రాసిన చోట అంకె ఎక్కువ ఉందని అర్థం. ఎంత ఎక్కువ అన్నది సీసా చెప్పదు. రాసిన ఆరో గంటకే తేమ సగానికి పడిపోయి, 24వ గంటకి పిసరంత తేడా మిగిలినా ఆ వాక్యం నిలబడుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ కొలతలు ఏసీ గదిలో, గాలిలో తేమని అదుపులో పెట్టి తీస్తారు. జనవరిలో ఆదిలాబాద్ గాలి వేరు, మే నెలలో విశాఖపట్నం గాలి వేరు. విశాఖ ఉక్కపోతలో పాప ఒంటికి కావాల్సింది లోషన్ కాదు, పల్చటి నూలు చొక్కా. అందుకని గంటల లెక్క వదిలేసి, ఎప్పుడు పనికొస్తుందో ఆ సందర్భాన్ని చూపించడం మేలని నా అభిప్రాయం. సందర్భం నిజమైతే చూసేవాళ్లు తమ ఇంటికి అది వర్తిస్తుందో లేదో వాళ్లే తేల్చుకుంటారు.

సందర్భం ఏది? మొదట ఎవరికైనా తట్టేది పుట్టిన కొత్తలో పొట్టు లేవడం. తల్లి కడుపులో నెలల తరబడి నీటిలో ఉన్న చర్మం బయటి గాలికి అలవాటుపడుతూ మొదటి వారాల్లో చేతుల దగ్గర, పాదాల దగ్గర పొట్టుగా లేస్తుంది, రోజులు దాటి పుట్టిన పిల్లల్లో ఇంకాస్త ఎక్కువగా. కొత్త తల్లిదండ్రులు దీన్ని చూసి హడలిపోతారు. 'కంగారు పడకండి, ఇది మామూలే' అని చెప్పడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉందా?

అవకాశం లాగే ఉంటుంది, కానీ ఉచ్చు. ఆ పొట్టు దానంతట అదే పోతుంది. ప్రకటనలో మొదటి షాట్‌లో పొట్టు చూపించి, మధ్యలో లోషన్ రాసి, చివర్లో నున్నటి పాదం చూపిస్తే మాటల్లో ఒక్క అబద్ధం లేకపోయినా బొమ్మల వరసే అబద్ధం చెబుతుంది. కాలం చేసిన పనికి లోషన్‌కి జీతం ఇచ్చినట్టు. పిల్లల సరుకుల ప్రకటనల్లో సగం మాయ ఇక్కడే ఉంది. కొత్త పిల్లల ఒంటి మీద వచ్చే ఎర్ర దద్దులూ ముక్కు మీది తెల్ల గింజలూ కూడా ఎక్కువగా వాటంతట అవే పోయేవే. తనంతట తాను తగ్గేదాన్ని 'ముందు – తర్వాత' పద్ధతిలో ఎప్పుడూ చూపించకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

రెండో అడ్డంకి షూటింగ్‌ది. మూడు నెలలు నిండని పిల్లల్ని తల్లిపాల మీద, టీకాల మీద అవగాహన కల్పించే చిత్రాలకి తప్ప మరి దేనికీ వాడకూడదని జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే పొట్టు లేచే వయసు బిడ్డని సెట్టు మీదకి తేవడమే కుదరదు. కాబట్టి మన పాపకి ఐదు నెలలు, కాలం చలికాలం. పిక్కలు తెల్లగా పొడిబారాయి. ఈ పొడితనం దానంతట అది గంటలో పోదు, లోషన్ రాస్తే ఆ పూటకి తగ్గుతుంది. ఎంత చెబుతున్నామో అంతే నిజం.

ఇప్పుడు స్క్రిప్టు.

దృశ్యం: పల్లెటూరి ఇల్లు, అమ్మాయి పుట్టిల్లు. పొద్దుటి ఎండ గదిలోకి వాలింది. అమ్మమ్మ పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. స్నానమైన పాప ఆమె కాళ్ల మీద, తువ్వాల్లో. తల్లి పక్కనే.
తల్లి: అమ్మా, పిక్కలు చూడు, ఎలా పొడిబారాయో. నేనేమన్నా సరిగ్గా చెయ్యట్లేదా?
అమ్మమ్మ (తన ముంజేయి చాపి): నా చెయ్యి చూడు. దీనికెవరు సరిగ్గా చెయ్యలేదు? చలికాలమే!
దృశ్యం: తండ్రి అరచేతుల్లో లోషన్ వేసుకుని రుద్దుకుని, పాప పిక్కలకి నెమ్మదిగా రాస్తాడు.
వాయిస్ ఓవర్: పొడిబారిన చర్మాన్ని తేమగా, మెత్తగా ఉంచే బేబీ లోషన్.
తండ్రి: నిన్న రాయడం మర్చిపోయానండీ అత్తయ్యగారూ.
అమ్మమ్మ: ఒకరోజు రాయకపోయినా ఏం కాదులే బాబూ. ముందు ఎత్తుకో, నిన్నే చూస్తోంది.
దృశ్యం: పాప తండ్రి భుజం మీద. పక్కన సీసా.
వాయిస్ ఓవర్: స్నానమయ్యాక, అవసరమనిపించినప్పుడు.
సూపర్: ఎరుపు, దద్దుర్లు, రసి కనిపిస్తే రాయడం ఆపి పిల్లల డాక్టరుకు చూపించండి.

మాట్లాడే మాటలు యాభై లోపే ఉండాలి. తెలుగు మాటలు పొడుగు. 40 సెకన్లలో ఇంకో పది ఇరికిస్తే అమ్మమ్మ వార్తలు చదివినట్టు మాట్లాడాల్సి వస్తుంది. ధైర్యం చెప్పే మనిషి తొందరపడితే ఆ ధైర్యం ఎవరికీ అందదు. ఆమె చెయ్యి చాపి చూపించాక ఒక క్షణం మౌనం ఉంచమని నేను స్క్రిప్టులోనే రాసిపెడతాను, లేకపోతే ఎడిటింగ్‌లో అదే మొదట ఎగిరిపోతుంది.

అమ్మమ్మ ముంజేయి ఎందుకంటే, తల్లి అడిగిన ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. బిడ్డకేమైంది అన్నది పైకి, నేను మంచి తల్లినేనా అన్నది లోపల. 'నువ్వు మంచి తల్లివే' అని ఎవరైనా పైకి అంటే అది ప్రకటన భాష. ఎవరింట్లోనూ ఎవరూ అలా అనరు. తన చేతి మీద అదే పొడితనం చూపించేసరికి సమస్య బిడ్డ నుంచీ తల్లి తప్పు నుంచీ జరిగి వాతావరణంలోకి వెళ్లిపోతుంది. తప్పు ఎవరిదీ కాదని చెప్పడానికి అంతకన్నా మాటలు అవసరంలేదు.

ఇక మీటింగులో గొడవంతా ఒక్క వాక్యం దగ్గరే జరుగుతుంది. 'ఒకరోజు రాయకపోయినా ఏం కాదు' అని మన డబ్బుతో మనమే చెప్పుకోవడమేమిటని క్లయింటు అడుగుతారు. ఆ ప్రశ్నని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు, వాళ్లు సీసాలు అమ్ముకోవాలి. నా సమాధానం ఇది. ఆ వాక్యం నిజం కాదా? నిజమే. రాయకపోతే ఏమీ కాదని కంపెనీయే అన్నాక, రాస్తే మెత్తగా ఉంటుందన్న మాటని జనం నమ్ముతారు. నిద్రలేని ఇంట్లో రోజూ తప్పనిసరి అనిపించే పని మూడో వారానికి అపరాధభావంగా మారుతుంది, అపరాధభావం గుర్తుచేసే సీసాని ఎవరూ రెండోసారి కొనరు. ఈ చివరి మాట నా అనుభవం మీద చెబుతున్నదే తప్ప లెక్కలతో నిరూపించినది కాదని క్లయింటుకి కూడా చెబుతాను. వాళ్లని నిరూపణ అడుగుతూ మనం ఊహని రుజువులా చెప్పకూడదు కదా.

భయం మాటల్లోంచే రాదు. మాటలన్నీ శుభ్రంగా ఉన్నా సంగీతంలో లోపలెక్కడో గుడగుడమని ఒక మంద్రస్వరం పెడితే చాలు. పాప ముఖాన్ని మరీ దగ్గరగా, నీలి వెలుతురులో చూపిస్తే ఆసుపత్రి గుర్తొస్తుంది. మన స్క్రిప్టులో పాప ఏడవదు. తల్లి ఒంటరిగా లేదు. లోషన్ రాసేది తండ్రి. దీన్ని ఆదర్శం కోసం పెట్టారా అని అడుగుతుంటారు. కొంత అవును. కానీ ఇంటి పని నలుగురి చేతుల్లో కనిపిస్తే చూసేవాళ్లకి ఊపిరాడుతుంది, అది ముఖ్యం.

సెట్టు మీద వస్తువుల విషయంలో కూడా కాపలా ఉండాలి. పసిపిల్లల గది అనగానే కళాదర్శకుడు పాలసీసా తెచ్చి బల్ల మీద పెడతాడు. తీయించాలి. పాలపొడి, పాలసీసాలు, రెండేళ్లలోపు పిల్లల ఆహారం – వీటి ప్రచారాన్ని 1992 నాటి చట్టం, 2003 సవరణతో, పూర్తిగా నిషేధించింది. మనం అమ్మేది లోషనే కావచ్చు, ఫ్రేములో సీసా ముద్దుగా మెరుస్తుంటే అది దేనికి ప్రచారమన్న ప్రశ్న రానే వస్తుంది. అలాగే పాప బోర్లా నిద్రపోతున్న షాట్, పక్కన మెత్తటి దిండ్లూ ఎలుగుబంటి బొమ్మా. ఫొటో బాగుంటుంది. కానీ ఏడాదిలోపు పిల్లల్ని వెల్లకిలా, గట్టి పరుపు మీద, చుట్టూ దిండ్లూ బొమ్మలూ లేకుండా పడుకోబెట్టమని శిశువైద్యులు మొత్తుకుంటుంటే, పిల్లల కోసమే పుట్టామని చెప్పుకునే ప్రకటన దానికి విరుద్ధంగా ఉండకూడదు. మన పాప మెలకువగానే ఉంది కాబట్టి బాధ లేదు.

సూపర్ దగ్గర ఒక మాట. 2022 మార్గదర్శకాల ప్రకారం వివరణ వాక్యం ప్రకటనలోని మాట ఏ భాషలో ఉందో అదే భాషలో, అదే అక్షరాలతో ఉండాలి. మాట గొంతుతో చెప్పింది అయితే వివరణ కూడా దానితో కలిసి, అదే వేగంతో కనిపించాలి. పైన ఒకటి చెప్పి కింద దానికి విరుద్ధంగా రాయకూడదు. హిందీలో తీసి తెలుగులోకి డబ్బింగ్ చేసిన ప్రకటనల్లో గొంతు తెలుగైనా అడుగున ఇంగ్లీషు అలాగే మిగిలిపోవడం మీరు చూసే ఉంటారు. మన సూపర్ దేన్నీ కప్పిపుచ్చడం లేదు కాబట్టి దాన్ని చిన్నగా వెయ్యాల్సిన అవసరమూ లేదు. డాక్టరుకు చూపించమని పెద్ద అక్షరాల్లో చెబితే భయపెట్టినట్టు కాదా అంటారు కొందరు. కాదు. ఏం చూడాలో, చూస్తే ఏం చెయ్యాలో రెండూ చెప్పినప్పుడు అది సమాచారం. ఏదో ఉందని చెప్పి ఏమిటో చెప్పకపోవడం భయపెట్టడం.

షూటింగుకి ముందు స్టోరీబోర్డుని కొందరికి చూపించాలి. బొమ్మలు గీసి, మాటలు చదివి వినిపిస్తే చాలు. కొత్త తల్లులకే కాదు, వాళ్ల భర్తలకీ అమ్మలకీ అత్తలకీ కూడా. 'బాగుందా' అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, ఉపయోగం లేదు. నేను అడిగించేది ఒకటే: ఈ లోషన్ రాయకపోతే పాపకి ఏమవుతుందని మీకు అనిపించింది? 'ఏముంది, కాస్త పొడిగా ఉంటుంది' అంటే స్క్రిప్టు సరిగ్గా ఉంది. 'ఏదన్నా ఇన్ఫెక్షన్ వస్తుందేమో' అని ఒక్కరన్నా, మనం రాయకపోయినా ఆ భయం ఎక్కడో కూర్చుందన్నమాట. సాధారణంగా అది బొమ్మలో దొరుకుతుంది, మాటలో కాదు. పిక్కల మీది పొడితనాన్ని బొమ్మ గీసే అతను మరీ ఎర్రగా వేసి ఉంటాడు. తర్వాత ఇంకో ప్రశ్న, ఇది రాస్తే ఏం తగ్గుతుందనుకున్నారు? దీనికి 'దద్దుర్లు', 'దురద' అన్న జవాబులొస్తే మనం అనని మాట వాళ్లకి వినిపించింది. నియంత్రణ సంస్థలు కూడా చూసేది అదే, ప్రకటన మొత్తం మీద మామూలు మనిషికి ఏం అర్థమైందని.

ఈ పనంతా అయ్యాక అసలు ప్రమాదం ఇంకా మిగిలే ఉంటుంది. 40 సెకన్ల ప్రకటన మొదటి రెండు వారాలే నడుస్తుంది. తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని 20 సెకన్లకి, ఫోన్ల కోసం 10కి, 6కి కోస్తారు. కోసేది ఎవరో, ఎక్కడో. కోతలో మిగిలేది సమస్యా, సీసా. 'నేనేమన్నా సరిగ్గా చెయ్యట్లేదా' అని తల్లి అడుగుతుంది, వెంటనే సీసా తెర నిండా వస్తుంది. అమ్మమ్మ జవాబు లేదు. మనం భయాన్ని తీసేసి రాసిన స్క్రిప్టే కత్తెర పడ్డాక మొదటి డ్రాఫ్టు అయిపోయింది. అందుకని చిన్న కోతల్ని కూడా రచయితే రాసి, 40 సెకన్ల స్క్రిప్టుతో పాటే సంతకం చేయించుకోవాలి. తల్లి ప్రశ్న ఉన్న చోట అమ్మమ్మ జవాబు ఉండి తీరాలని, లేకపోతే రెండూ తీసెయ్యాలని కాగితం మీద పెట్టాలి. పది సెకన్లదాన్ని నేను ఇలా రాస్తాను:

దృశ్యం: తండ్రి పాప పిక్కలకి లోషన్ రాస్తున్నాడు. పాప అతని వేలు పట్టుకుంది.
వాయిస్ ఓవర్: చలికాలంలో పొడిబారే చర్మానికి బేబీ లోషన్. అవసరమనిపించినప్పుడు.
సూపర్: దద్దుర్లు ఉంటే డాక్టరుకు చూపించండి.

ఆరు సెకన్లదానిలో సూపర్‌ని చదివే టైము కూడా ఉండదు. దానిలో తల్లీ లేదు, పాపా లేదు, పొడితనమూ లేదు. సీసా, పేరు, 'బేబీ లోషన్' అన్న మాట, అంతే వెయ్యమంటాను.